తొమ్మిదో కాలమ్‌లో నూట నలభై రెండు

నాచారంలో సంతోషికి రెండు విషయాల్లో పేరుంది. ఆమె రెజ్యూమె కొడితే ఇంటర్వ్యూకి పిలుపు రావడం ఖాయమన్నది మొదటిది. ఆమె చెవిన పడిన మాట పొద్దుగూకేలోపు నాలుగు వీధులు తిరుగుతుందన్నది రెండోది. మొదటిదాన్ని సంతోషి బోర్డు మీద రాయించుకుంది. రెండోదాన్ని మాత్రం చచ్చినా ఒప్పుకోదు. "నేనెవలికి జెప్పిన? వాళ్ళు అడిగిన్రు, నేను అన్న, గంతే" అంటుంది.

పారిశ్రామికవాడకు పోయే రోడ్డులో, బేకరీకీ మోటారు రివైండింగ్ షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆమె జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్. కంప్యూటర్ ఒకటి, ప్రింటర్లు రెండు. ఒకటి పనిచేస్తుంది, ఇంకొకటి దానికి తోడు. వచ్చేవాళ్ళలో ఫ్యాక్టరీ హెల్పర్లు, సెక్యూరిటీ గార్డులు, నర్సులు, డిగ్రీ పాసై బిక్కమొహం వేసుకున్న పిల్లలు. రెజ్యూమె కొట్టడానికి సంతోషి పద్ధతి ఒకటే. పాత ఫైలు తెరుస్తుంది, పేరు మారుస్తుంది, ఫోటో మారుస్తుంది, డెబ్బై రూపాయలు తీసుకుంటుంది. అందుకే నాచారంలో ఉద్యోగం వెతుక్కునే ప్రతి మనిషీ కష్టపడే తత్వం గలవాడు, కొత్త విషయాలు నేర్చుకోవాలన్న ఆసక్తి గలవాడు, హాబీ చెస్ గలవాడు.

అట్లాంటి షాపుకి ఒక ఆగస్టు పొద్దున త్రిపురసుందరి వచ్చింది. అరవై దాటిన మనిషి, నేత చీర, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, చేతిలో ఉబ్బిపోయిన అట్ట ఫైలు. కుర్చీలో కూచోకముందే గోడకున్న రేట్ల పట్టిక మొత్తం చదివింది.

"రెండు వైపులా జిరాక్స్ మూడు రూపాయలన్నారు, ఒక వైపు రెండు. మరి పక్కనే వంద పేజీలు దాటితే ఒక్కోటి రెండున్నర అని ఉంది. ఒక వైపు వేయిస్తే వంద దాటాక రేటు పెరుగుతుందన్నమాట. తప్పు పడింది చూసుకున్నారా?"

ఆ పట్టిక రెండేళ్ళ నుంచి అక్కడే ఉంది. ఒక్కళ్ళు కూడా అడిగిన పాపాన పోలేదు. సంతోషి దాన్ని తిరిగి చదువుకుని నాలుక కరచుకుంది. ఈమె ఎవరో కనుక్కోకపోతే తనకి అన్నం సహించదని అప్పుడే అర్థమైంది.

కనుక్కోవడానికి పెద్దగా కష్టపడలేదు. త్రిపురసుందరిది ఏలూరు వైపు. ఇరవై ఒక్క ఏళ్ళకి బ్యాంకులో గుమస్తాగా చేరి, పరీక్షలు రాసి ఆఫీసరై, మూడు జిల్లాలు తిరిగి హైదరాబాదు వచ్చింది. ఇక్కడే నాచారం బ్రాంచికి మూడేళ్ళు మేనేజరుగా చేసింది. చివరి నాలుగేళ్ళు బ్యాంకు తనిఖీ విభాగంలో పనిచేసి, రెండేళ్ళ కింద రిటైరైంది. భర్త రామకృష్ణ బడి పంతులుగా చేసి ఇంటి పట్టున ఉంటున్నాడు. ఇద్దరూ ఉప్పల్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. రిటైరయ్యాక ఊరుకోలేక అపార్ట్‌మెంట్ లెక్కలు తీసి, లిఫ్టు మరమ్మతుకి ఒకే నెలలో రెండు బిల్లులు ఎందుకున్నాయని మీటింగులో అడిగిందట. అప్పటి నుంచి ఆమె లిఫ్టు ఎక్కితే మిగతావాళ్ళు మెట్లెక్కి పోతున్నారట.

"మా ఆయన దండం పెడుతున్నాడమ్మా, ఎక్కడైనా జీతమిచ్చి ప్రశ్నలడగనిచ్చే చోటు చూసుకో, నన్ను వదిలెయ్ అని" అంది త్రిపురసుందరి.

అట్లాంటి చోటు నిజంగానే దొరికింది. ఒక పెద్ద బ్యాంకు రిటైరైన ఆఫీసర్లను కాంకరెంట్ ఆడిటర్లుగా కాంట్రాక్టు మీద తీసుకుంటోంది. ఏడాదికోసారి వచ్చి చూసిపోయే ఆడిటు కాదది. ఆడిటరు బ్రాంచిలోనే కూచుంటారు. ఇచ్చిన అప్పులు, తెరిచిన ఖాతాలు, కట్టిన నగదు ఎప్పటికప్పుడు చూసి నెలనెలా రిపోర్టు రాస్తారు. అర్హతలన్నీ సరిపోయాయి, ఒక్క వయసే అంచున ఉంది. దరఖాస్తు నాటికి అరవై రెండు నిండకూడదు. త్రిపురసుందరికి అక్టోబరులో నిండుతాయి.

"అంటే గిదే ఆఖరి మోకా" అంది సంతోషి.

"ఇదే ఆఖరు. ఇది తప్పితే నేను రేపట్నించీ మా ఆయన కూరలు తెచ్చిన సంచీ ఆడిట్ చేసుకుంటూ బతకాలి."

నవ్వుతూనే అంది. కానీ ఫైలు మీద పెట్టిన చేతివేళ్ళు మాత్రం నవ్వలేదు. సంతోషి అది చూసింది.

పాత ఫైలు తెరిచి పేరు మార్చే పద్ధతి ఈమె దగ్గర సాగలేదు. కష్టపడే తత్వం అన్న ముక్క కనబడగానే త్రిపురసుందరి కొట్టెయ్యమంది. "దానికి రుజువేది? నేను రాసే ప్రతి ముక్కకీ ఈ ఫైల్లో కాగితం ఉండాలి. లేకపోతే రాయొద్దు." హాబీ చెస్ కూడా పోయింది. ఒక పేజీలో ఏం మిగులుతుందా అని సంతోషికి బెంగ పట్టుకుంది.

మిగిలినవి మూడే. ఎంత అప్పుల మీద బాధ్యత వహించింది, ఎన్ని ఆడిట్లు చేసింది, ఏ నిబంధనలు తెలుసు.

ఆడిట్ల దగ్గర త్రిపురసుందరి రెండు పంక్తులు రాయమంది. తనిఖీ విభాగంలో ఉండగా తాను చేసినవి యాభై ఏడు బ్రాంచిలు. మేనేజరుగా ఉండగా తన బ్రాంచి మీద జరిగినవి పదకొండు.

"మనమీద వడ్డయి గూడ గొప్పేనా మేడమ్?"

"పడ్డవాళ్ళకే తెలుస్తుంది, ఎక్కడ దాస్తారో" అంది త్రిపురసుందరి.

నిబంధనల దగ్గర మాత్రం సంతోషి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఖాతాదారు గుర్తింపు పత్రాలు ఎన్నేళ్ళకోసారి కొత్తగా తీసుకోవాలి, అప్పు కిస్తీ తొంభై రోజులు దాటితే దాన్ని మొండిబాకీ లెక్కలో ఎలా వేయాలి, నెలలో పది లక్షలు దాటిన నగదు ఎలా నివేదించాలి. ఇంతవరకూ బాగానే కొట్టింది. తర్వాత ముక్క "అనుమానాస్పద లావాదేవీల గుర్తింపు, నివేదన" అని చెప్పగానే కీబోర్డు మీద వేళ్ళు ఆగిపోయాయి.

"అంటే దొంగల్ని వట్టిన్రా? ఈడ నాచారంలనే? ఎవలు మేడమ్, మనకు ఎర్కున్నోళ్ళా?"

"ఆ ముక్క వరకే కొట్టు."

"పేరొద్దు, జర కథ జెప్పున్రి. గది రాస్తే మస్తుంటది. ఇంటర్వ్యూల ఎగిరి గంతేస్తరు."

"అది రాసినరోజు నాకా ఉద్యోగం రాదు. ఫలానా ఖాతా మీద అనుమానమొచ్చి పైకి రాశామన్న సంగతే బయటకి పొక్కకూడదు. ఖాతాదారుకీ తెలియకూడదు, మా ఆయనకీ తెలియకూడదు, నీకూ తెలియకూడదు. చట్టం."

"ఉద్యోగం అయిపాయె గదా మీది."

"ఉద్యోగం అయిపోయింది. నోరు నాదే కదా."

సంతోషికి ఇది అస్సలు మింగుడు పడలేదు. జీవితంలో చేసిన అన్నిటికన్నా మంచి పని ఏదైతే ఉందో, దాన్నే రెజ్యూమెలో రాయకూడదంటే అదేం లోకం? ఆ రోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందేసుకుని కూడా ఆ ఖాతా ఎవరిదై ఉంటుందా అని పారిశ్రామికవాడలో తనకు తెలిసిన షెడ్లన్నీ వరసగా తలచుకుంది.

అసలు పేచీ పోర్ట్‌ఫోలియో దగ్గర వచ్చింది. బ్రాంచి ఇచ్చిన అప్పులన్నీ కలిపితే ఎంతో ఆ మొత్తం అన్నమాట. త్రిపురసుందరి ఫైల్లోంచి ఒక కాగితం తీసింది. మేనేజరు బదిలీ అయినప్పుడు పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు కలిసి సంతకాలు చేసే బాధ్యతల అప్పగింత పత్రం. అందులో మొత్తాలున్న మొదటి పేజీ మాత్రమే ఉంది. ఖాతాదారుల పేర్లున్న పేజీలు బ్యాంకులోనే వదిలి వచ్చిందట. 2019 జూన్ 12 నాటికి నాచారం బ్రాంచి అప్పులు నూట పద్దెనిమిది కోట్లు.

పక్కనే ఉన్న ఇంకో కాగితం సంతోషి కంటబడింది. అదే ఏడాది త్రిపురసుందరి పనితీరు మీద పైవాళ్ళు ఇచ్చిన రిపోర్టు. అందులో మార్చి 31 నాటికి అదే బ్రాంచి అప్పులు నూట నలభై రెండు కోట్లు.

"రెండున్నర నెలల్ల ఇరవై నాలుగు కోట్లు ఎటువోయినయి మేడమ్?"

బ్యాంకువాళ్ళు ఎవరూ ఆ ప్రశ్న అడగరు. వాళ్ళకి తెలుసు గనక అడగరు. త్రిపురసుందరి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మార్చి ముప్ఫై ఒకటికి మాకు టార్గెట్ ఉంటుంది. ఆ రోజు పుస్తకంలో ఎంత కనబడితే అదే మా మార్కులు. అందుకని పెద్ద ఖాతాదారుల్ని బతిమాలతాం, మీకు మంజూరైన అప్పు లిమిట్ మొత్తం ఒక్క వారం వాడుకోండి అని. డిపాజిట్లున్నవాళ్ళకి వాటి మీదే అప్పిస్తాం. ఏప్రిల్ రాగానే వాళ్ళు కట్టేస్తారు. పెళ్ళికి ఎరువు తెచ్చుకున్న నగలు మర్నాడు తిరిగిచ్చినట్టు."

"గంత పెద్ద బ్యాంకుల గిట్ల గూడ జేస్తరా? మీరు జేసిన్రా?"

"చేశాను" అంది త్రిపురసుందరి. దాచుకోలేదు, సమర్థించుకోలేదు. "అప్పు ఇవ్వడంలో తప్పేం చేయలేదు, ప్రతిదానికీ కాగితముంది. కానీ అది నా బ్రాంచి సైజు కాదని నాకు తెలుసు. నూట పద్దెనిమిది కొట్టు, పక్కన తేదీ వెయ్యి."

సంతోషికి ప్రాణం ఉసూరుమంది. ఎందుకంటే రెండు రోజుల కిందే సుబ్రహ్మణ్యం అనే ఇంకో రిటైర్డ్ ఆఫీసరు ఇదే కుర్చీలో కూచుని ఇదే ఉద్యోగానికి రెజ్యూమె కొట్టించుకుని పోయాడు. ఆయన పోర్ట్‌ఫోలియో మూడు వందల పది కోట్లు. ఆ ఫైలు ఇంకా డెస్క్‌టాప్ మీదే ఉంది.

"మేడమ్, మొన్న ఒకాయన వచ్చిండు. గాయన ఎంత రాసిండో ఎర్కనా..."

త్రిపురసుందరి ట్రాఫిక్ పోలీసులా చెయ్యెత్తింది. "వద్దు. ఆయన నీకు నమ్మి ఇచ్చిన కాగితం. నాది కూడా రేపు ఇంకొకళ్ళకి చెప్తావా?"

సంతోషి మొహం మాడిపోయింది. చెప్పేదే మరి. ఆ మాట పైకి అనలేదు.

రెజ్యూమె పూర్తయ్యాక త్రిపురసుందరి ప్రింటు తీయించుకుని, స్కేలు పెట్టి ఒక్కో పంక్తీ ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ చదివింది. మూడుసార్లు తిప్పి కొట్టించింది. ఒక్క పేజీ కోసం నాలుగు రోజులు తిరిగింది. అలా చివరి తేదీ వచ్చి నెత్తిన కూచుంది.

ఆ రోజు బ్యాంకు వెబ్‌సైట్‌లో దరఖాస్తు ఫారం నింపాలి. సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. రెండింటికే మొదలుపెట్టారు గానీ మధ్యలో కరెంటు పోయింది. కరెంటొచ్చాక సైటు పోయింది. సైటొచ్చేసరికి నాలుగున్నర. పేరు, పుట్టిన తేదీ, సర్వీసు అన్నీ నింపుకుంటూ సంతోషి తొమ్మిదో కాలమ్ దగ్గరికి వచ్చింది. మేనేజరుగా పనిచేసిన చివరి బ్రాంచి అప్పుల మొత్తం ఎంత, బాధ్యత అప్పగించిన తేదీ నాటికి, కోట్లలో.

సరిగ్గా అప్పుడే ఫోనుకి ఓటీపీ రావాల్సి వచ్చింది. షాపులో సిగ్నల్ అందక త్రిపురసుందరి ఫోను పట్టుకుని బయట మెట్టు మీద నిలబడి ఉంది. సంతోషి ఒక్క క్షణం ఆమె వైపు చూసింది. నేత చీర కొంగు భుజానికి చుట్టుకుని, ఆకాశంలోంచి సిగ్నల్ రాలుతుందేమో అన్నట్టు ఫోను పైకెత్తి పట్టుకుని నిలబడింది ముసలావిడ. మూడు వందల పది ముందు నూట పద్దెనిమిది ఏం నిలుస్తుంది? నూట నలభై రెండు కూడా ఆమెదే కదా, కాగితం కూడా ఉంది కదా. సంతోషి వేళ్ళు 142 కొట్టాయి.

త్రిపురసుందరి లోపలికి పరుగెత్తుకొచ్చి ఓటీపీ చెప్పింది. తెర మీద నింపిన ఫారం మొత్తం చూపించి, సరిచూసుకున్నారా అని అడిగింది సైటు. నాలుగు యాభై ఆరు.

"నొక్కాల్నా మేడమ్?"

నలభై ఏళ్ళ సర్వీసులో చదవకుండా సంతకం పెట్టని మనిషి, గోడ మీద జిరాక్స్ రేట్లు కూడా వదలని మనిషి, గడియారం వైపు చూసి "నొక్కెయ్" అంది.

నొక్కేసింది. ఇద్దరూ హమ్మయ్య అనుకుని బేకరీ నుంచి టీ తెప్పించుకున్నారు.

పదమూడు రోజులకి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. కోఠిలో జోనల్ ఆఫీసుకి రావాలి, దరఖాస్తు ప్రింటు మీద సంతకం పెట్టి తేవాలి. త్రిపురసుందరి ఇంట్లో సంతకానికి ముందు స్కేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. తొమ్మిదో పంక్తి దగ్గర స్కేలు ఆగింది.

గంటలో షాపుకొచ్చింది. కాగితం సంతోషి ముందు పెట్టి వేలితో చూపించింది, అంతే. అరవలేదు.

"మీకు మంచిగైతదని కొట్టిన మేడమ్. మీ కాగితంలనే ఉండె గదా గా అంకె."

"ఉంది. కానీ వాళ్ళడిగింది అప్పగించిన నాటి అంకె. దాని కాగితం కూడా మనమే జత చేశాం. అందులో నూట పద్దెనిమిది ఉంది, ఇందులో నూట నలభై రెండు ఉంది. కింద చదువు."

కింద సన్నక్షరాల్లో ఉంది. దరఖాస్తుకీ జతపరిచిన పత్రాలకీ తేడా కనబడితే ఏ దశలోనైనా తిరస్కరిస్తాం. సంతోషి సైటు తెరిచింది. దిద్దే వీలు లేదు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. పాట వినిపించింది తప్ప మనిషి పలకలేదు. ఆడిటరు ఉద్యోగానికి అంకె మార్చి రాసిన మనిషిని ఎవరు తీసుకుంటారు? ఇంకో నెలన్నరలో అరవై రెండు నిండుతాయి. ఇక మళ్ళీ అడిగే దారి లేదు. సంతోషికి ఏడుపొచ్చింది.

"నేనొస్త మేడమ్ మీతోని. నేనే కొట్టిన అని జెప్త. మీ తప్పు లేదని రాసిస్త."

"ముందు కళ్ళు తుడుచుకుని కొత్త పేజీ తెరువు" అంది త్రిపురసుందరి. "నేను చెప్తాను, నువ్వు కొట్టు."

సెలక్షన్ కమిటీకి, అయ్యా, అని మొదలైంది. నా దరఖాస్తులో తొమ్మిదో కాలమ్ తప్పుగా నింపబడింది. అక్కడ ఉండవలసిన అంకె నూట పద్దెనిమిది కోట్లు. జతపరిచిన అప్పగింత పత్రం సరైనది. నేను సమర్పించే ముందు సరిచూసుకోలేదు. ఈ తప్పు నాది.

సంతోషి చేతులు అక్కడ ఆగిపోయాయి. "మీది గాదు మేడమ్, నాది."

"కొట్టమన్నది కొట్టు."

"అబద్ధం గొట్టమంటున్నరు. ప్రతిదానికి రుజువుండాలె అన్నది మీరే గదా?"

త్రిపురసుందరికి నవ్వొచ్చింది. తన మాటతోనే తనని పట్టేసింది పిల్ల. కుర్చీ ముందుకి జరుపుకుంది.

"బ్యాంకులో ఏ పనికైనా ఇద్దరుంటారు సంతోషీ. ఒకరు నింపుతారు, ఒకరు చూసి పాస్ చేస్తారు. నింపేవాళ్ళు తప్పు చేస్తారనే రెండో మనిషిని పెట్టారు. నువ్వు చేసింది తప్పే, కాదనను. ఇంకెప్పుడూ అడగకుండా ఎవరి అంకెనూ మార్చకు. కానీ నొక్కెయ్ అన్నది ఎవరు?"

సంతోషి కళ్ళు మళ్ళీ ఆ ప్రింటు మీదికి పోయాయి.

"నేను గుమస్తాగా చేరిన రెండో ఏడు, ఒకరి డబ్బు ఇంకొకరి ఖాతాలో వేశాను. పేర్లు ఒకటే, నెంబరు చూసుకోలేదు. మా ఆఫీసరు దాని మీద సంతకం పెట్టాడు. ఆడిటరు పట్టుకునేసరికి ఆయన వేలు నా వైపు చూపించాడు. కొత్త పిల్ల సార్, నేను నమ్మానన్నాడు. నాకొక ఇంక్రిమెంటు ఆగిపోయింది. ఆయనకేం కాలేదు. డబ్బు సంగతి మర్చిపోయాను. ఆ వేలు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు. కొట్టు, ఈ తప్పు నాది."

సంతోషి కొట్టింది. రెజ్యూమెల్లో ఎన్ని వేల పంక్తులు కొట్టిందో గానీ, ఒక మనిషి గురించి ఇంత నిజం చెప్పే పంక్తి తన చేత్తో కొట్టలేదనిపించింది. దానికి డబ్బులు తీసుకోనంది. త్రిపురసుందరి రేట్ల పట్టిక చూసి ఇరవై రూపాయలు బల్ల మీద పెట్టి పోయింది. ఆ పట్టికలో తప్పు అప్పటికే దిద్ది ఉంది.

ఇంటర్వ్యూ రోజు సంతోషి షాపు తెరిచిందన్న మాటే గానీ పనేమీ సాగలేదు. ఒక గార్డు ఆధార్ జిరాక్స్ ఎవరో నర్సుకి ఇచ్చి పంపింది. సాయంత్రం నాలుగింటికి త్రిపురసుందరి ఆటో దిగగానే ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"ఏమైంది? మొత్తం జెప్పున్రి. మొదటికెళ్ళి జెప్పున్రి."

ముగ్గురు కూచున్నారట. త్రిపురసుందరి కుర్చీలో కూచోకముందే ఆ కాగితం బల్ల మీద పెట్టిందట. మధ్యలో కూచున్నాయన దాన్ని చదివి, తన ముందున్న దరఖాస్తు ఆమెకి కనబడేట్టు తిప్పాడట. తొమ్మిదో కాలమ్ చుట్టూ అప్పటికే పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది.

"అయ్యో! పట్టేసిండా?"

"పట్టకపోతే ఆయనెందుకు? మీరు చెప్పకపోతే మేమే అడిగేవాళ్ళం అన్నాడు. ఎవరు నింపారు ఇది అన్నాడు. సంతకం నాదండీ అన్నాను. అది కాదు, ఎవరు నింపారు అని మళ్ళీ అడిగాడు. సంతకం నాదండీ అని నేనూ మళ్ళీ అన్నాను. ఇంక అడగలేదు."

సంతోషి తల దించుకుంది. త్రిపురసుందరి నీళ్ళు తాగి మిగతాది చెప్పింది. నూట నలభై రెండు ఎక్కడిదని ఆయన అడిగితే మార్చి ముప్ఫై ఒకటి సంగతి ఉన్నదున్నట్టు చెప్పిందట. పక్కనున్నావిడ చిన్నగా నవ్వి, అలాంటివి ఆడిటరుగా ఎలా పట్టుకుంటారని అడిగిందట. ఏప్రిల్ పదో తేదీ బాకీలు, మార్చి ముప్ఫై ఒకటి బాకీలు పక్కపక్కన పెట్టి చూస్తానందట. తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. మీరు మేనేజరుగా ఉండగా అనుమానాస్పద ఖాతా పట్టుకున్న సందర్భం ఒకటి, వివరంగా చెప్పండి.

"జెప్పిన్రా?" సంతోషి ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"అలాంటి ఖాతాలు ఎలా ఉంటాయో చెప్పాను. వ్యాపారం చిన్నది, నగదు పెద్దది. పొద్దున పడిన డబ్బు సాయంత్రానికి ఖాళీ. అడ్రసులో షెడ్డుకి తాళం. ఇలా పది చెప్పాను. మీరు చూసిన ఖాతా ఏదీ అన్నాడు. చెప్పకూడదండీ అన్నాను. మేం కూడా బ్యాంకువాళ్ళమే కదా అన్నాడు. మీ బ్యాంకు వేరు, మా బ్యాంకు వేరు, ఒకటే అయినా చెప్పనండీ అన్నాను. సరే, మీరు వెళ్ళొచ్చు అన్నాడు."

"కోపమొచ్చిందా ఆయనకు?"

"ఏమో. మొహం చూసి చెప్పే రకం కాదు. నాలాగే."

ఆ తర్వాత మూడు వారాలు ఇద్దరికీ నరకం. త్రిపురసుందరి పైకి మామూలుగానే ఉంది గానీ, రామకృష్ణ తెచ్చిన వంకాయల్ని కూడా లెక్కపెట్టడం మానేసిందట. అది చూసి భర్తకే భయమేసిందట. ఈ సంగతి ఆయనే షాపుకొచ్చి సంతోషికి చెప్పాడు. చెప్పి, ఆమెతో అనకమ్మా అన్నాడు.

సెప్టెంబరు నెలాఖరులో మెయిల్ వచ్చింది. నియామకపు ఉత్తర్వు, రెండు పేజీలు. పోచారం వైపు ఒక బ్రాంచి, ఏడాది కాంట్రాక్టు. నారపల్లి మీదుగా బస్సు. త్రిపురసుందరి దాన్ని ఆపకుండా మూడుసార్లు చదివి, నాలుగోసారి షాపులో సంతోషి చేత చదివించుకుంది. సంతోషి చివరి అక్షరం దాకా చదివింది. త్రిపురసుందరి ఎప్పుడూ లేనిది ఆమె తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉంది.

ఇక అంగీకారం ఫారం నింపి పంపాలి. సంతోషి ఒక్కో కాలమ్ అడిగి మరీ నింపింది. ఆఖర్న, సరిచూసుకున్నారా అని సైటు అడిగింది. సంతోషి మౌసు మీంచి చెయ్యి తీసేసి, తెరని పూర్తిగా త్రిపురసుందరి వైపు తిప్పింది.

"మీరు సూడాలె."

త్రిపురసుందరి బ్యాగులోంచి స్కేలు తీసి తెర మీదే పెట్టి చదవడం మొదలుపెట్టింది. వెనక వరసలో ఉన్న పోశయ్య అనే సెక్యూరిటీ గార్డు డ్యూటీకి ఆలస్యమైతాందని గొణిగాడు. "జరాగు తాత, ఆడిట్ నడుస్తాంది" అని సంతోషి కసిరింది. పది నిమిషాలు పట్టింది. అడ్రసు దగ్గర స్కేలు ఆగింది.

"పిన్‌కోడ్ నాచారంది వేశావు. నాది ఉప్పల్."

సంతోషి నాలుక కరచుకుంది. త్రిపురసుందరి మొహం మాత్రం వెలిగిపోయింది. నెల రోజుల తర్వాత ఆమెకి ఒక తప్పు దొరికింది. దిద్దాక తనే చెయ్యి చాపి నొక్కింది.

రసీదు ప్రింటు వస్తూండగా సంతోషి ఉండబట్టలేక అడిగింది. "ఇప్పుడు జెప్పున్రి మేడమ్. గా ఖాతా ఎవలిది?"

"ఏ ఖాతా?" అంది త్రిపురసుందరి. అంత అమాయకంగా మొహం పెట్టడం ఎక్కడ నేర్చుకుందోగాని, నిజంగానే ఏ ఖాతా లేదేమో అనిపించింది.

కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుంటూ ఆమె మామూలుగా అంది. "నాతో పాటు ఇంకెవరెవరికి వచ్చిందో మరి. ఆ జాబితా పెట్టలేదు వాళ్ళు. ఈ చుట్టుపక్కల వాళ్ళెవరైనా ఉంటే పోచారం దాకా బస్సులో తోడుండేవాళ్ళు. నీకేమైనా తెలుసా?"

సంతోషికి తెలుసు. ఆ పొద్దున్నే, తొమ్మిదింటికి, ఇదే కుర్చీలో కూచుని సుబ్రహ్మణ్యం ఇదే ఫారం నింపించుకుని పోయాడు. ఆయన బ్రాంచి ఏదో, జీతమెంతో, ఏ తారీకున చేరుతున్నాడో అన్నీ ఆ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి. నాలుక చివరిదాకా వచ్చింది. సంతోషి నోరు తెరిచింది. త్రిపురసుందరి కళ్ళజోడు పైనుంచి ఆమె వంకే చూస్తోంది.

"నాకు దెల్వదు మేడమ్" అంది సంతోషి.

త్రిపురసుందరి ఇంకో క్షణం అలాగే చూసి, చిన్నగా తలూపింది. ఇరవై రూపాయలు బల్ల మీద పెట్టి ఉప్పల్ ఆటో ఎక్కింది.